షవర్ కింద రెండు దెబ్బలు

సౌదీలోని ఉనైజాలో మా కంపెనీకి ఖర్జూరం ప్యాకింగ్ షెడ్లు, వాటి వెనకే కూలీల క్యాంపు ఉన్నాయి. అక్కడ నేను పదకొండేళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. మాది జగిత్యాల వైపు. ఇరవై ఏళ్ల వయసులో మొదటిసారి పట్టుకున్న టెస్టర్‌ను నలభై నాలుగో ఏట, గుండె ఆగి కిందపడ్డ రోజున కూడా జేబులోనే పెట్టుకుని ఉన్నాను.

అంతకు ఏడాది ముందే ఒకసారి గుండెపోటు వచ్చింది. బురైదా ఆసుపత్రిలో స్టెంటు వేశారు. రక్తనాళం తెరుచుకుంది కానీ, గుండెలో కొంత కండ చచ్చిపోయి మచ్చలా మిగిలిందని డాక్టర్ చెప్పాడు. మందులు మింగుతూ పనికి పోతున్నాను. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం కోల్డ్ స్టోర్ ముందు నిలబడి ఉండగా కళ్ల ముందు నలుపు కమ్మింది. ఆ తరువాతిది నాకు తెలియదు. అంబులెన్సులో ఛాతీ మీద ప్యాడ్లు పెట్టి షాకిస్తే గుండె దారిలో పడిందట.

పదిరోజుల తరువాత ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బా పెట్టారు. దాని నుంచి ఒక తీగ రక్తనాళం గుండా గుండె కుడి గదిలోకి పోయి, కొసన చిన్న స్క్రూతో కండకు పట్టుకుని ఉంటుంది. దాని పేరు ఐసీడీ. క్యాంపులో అందరూ బ్యాటరీ అనేవాళ్లు. నేనూ అదే అనేవాణ్ణి.

ఆసుపత్రిలో ఆ డబ్బాలను చూసే టెక్నీషియన్ కడప అమ్మాయి. ముస్లిం. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా అకామా, అదే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, మీద పేరు చూసి తెలుగులోకి దిగింది.

"ఇది మీ గుండె కొట్టుకునేది ఒక్కొక్కటీ లెక్కపెడతా ఉంటాదన్నా. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత సేపుందో చూస్తాది. హద్దు దాటి ఉరికితే, అది వరుసగా అట్లనే ఉంటే, మొదట నెమ్మదిగా సర్దడానికి చూస్తాది. చిన్న చిన్న తట్లు కొడతాది, అవి మీకు తెలియనే తెలియవు. మరీ వేగంగా, చిందరవందరగా ఉంటే మాత్రం లోపల కరెంటు నింపుకుని షాకిస్తాది."

"నింపుకోవడానికి ఎంతసేపు పడ్తది?" అని అడిగాను. కరెంటు పనివాడికి వచ్చే ప్రశ్న అదే కదా.

"అయిదు నుంచి పది సెకన్లు. ఇచ్చేముందు ఇంకోసారి చూసుకుంటాది. ఒక్క షాకు వచ్చి మీరు బాగానే ఉంటే ఆ రోజే మాకు ఫోన్ చెయ్యల్లా. రెండు వచ్చినా, వచ్చినాక బాగలేకపోయినా సీదా ఎమర్జెన్సీకి రావల్లా. మరిచిపోవద్దు."

ఫోన్ ఎడమ జేబులో పెట్టుకోవద్దనీ, కుడి చెవికే పెట్టుకోమనీ, పెద్ద అయస్కాంతాల దగ్గరికి పోవద్దనీ, అయస్కాంతం డబ్బా మీదికి వస్తే అది షాకివ్వడం మానేస్తుందనీ చెప్పింది. వెల్డింగ్ వద్దంది. కొన్ని నెలలు బండి నడపవద్దంది. ఆరు వారాలు ఎడమ చేయి భుజం కన్నా పైకి ఎత్తవద్దంది. అన్నిటికీ తలూపాను. కానీ నా మనసు ఒక్కచోటే ఆగిపోయింది. ఇది నా ఛాతీలో కూర్చుని రోజంతా నన్ను చూస్తూ ఉంటుంది, ఎప్పుడు కొడుతుందో నాకు చెప్పదు.

అనుమానం అక్కడే మొదలైంది. ఈ డబ్బా కొత్తదేనా? బీమా వాళ్లు తక్కువలో పోయేది ఏదైనా పెట్టించారా? ఇది రాసుకునేదంతా కంపెనీకి చేరుతుందా? చేరితే, పనికిరానివాడని ఎగ్జిట్ వీసా కొట్టి ఊరికి పంపేస్తారా? మా ఫోర్‌మన్ పెషావర్ మనిషి, ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. వారానికోసారి "తబియత్ ఠీక్ హై?" అని నా ఒంట్లో ఎలా ఉందో అడిగేవాడు. అంతకుముందు పదేళ్లలో ఒక్కసారీ అడగని మాట. ఎందుకు అడుగుతున్నాడో అని ఆలోచించేవాణ్ణి.

నా గదిలో ఉండేది నిర్మల్ దగ్గరి ప్లంబర్. నాకన్నా ఆరేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నం వండేది, బట్టలు ఆరేసేది వాడే. వాడి పాటల స్పీకరులో అయస్కాంతం ఉంటుందని గుర్తొచ్చి, ఒకరోజు నా మంచాన్ని అవతలి గోడకు జరుపుకున్నాను. వాడు చూశాడు. మరునాడు స్పీకరు గదిలో కనబడలేదు. దానిమీద కూడా నాకు అనుమానమే వచ్చింది, కోపంతో తీసేశాడేమోనని.

మా కసీం ప్రాంతంలో వేసవి అంతా డాబా మీది ట్యాంకు నీళ్లే కాగిపోయి వస్తాయి. హీటర్ ఆపేసి ఉంచుతాం. డిసెంబరు వచ్చేసరికి తెల్లారి చలికి పళ్లు కొట్టుకుంటాయి, అప్పుడు హీటర్లు వేస్తాం. ఆ ఏడాది హీటర్లు వేసిన మొదటి వారంలోనే, పొద్దున ఆరున్నరకు, షవర్ కింద నిలబడి కుడిచేత్తో ఇనుప నల్లా తిప్పుతున్నాను. వేడి సరిపోలేదని కాసేపు దాన్ని పట్టుకునే ఉన్నాను.

దెబ్బ పడింది.

కరెంటు షాకులు నేను తిన్నన్ని ఎవరూ తిని ఉండరు. అది చేతి నుంచి వస్తుంది. ముట్టుకున్నచోట గుంజుతుంది, వణికిస్తుంది, కండలు బిగబట్టి విడవదు. ఇది అలా లేదు. లోపలి నుంచి వచ్చింది. ఛాతీ మధ్యలో గాడిద ఒక్క కాలు విసిరినట్టు, ఒకే ఒక్క తాపు. కళ్లలో తెల్లని మెరుపు మెరిసింది. భుజాలు వాటంతటవే ఎగిరాయి. నా గొంతులోంచి కేక వచ్చిందని, అది వినబడ్డాకే తెలిసింది. నల్లా చేతిలోంచి జారిపోయి వెనక్కి గోడకు కొట్టుకుని కింద కూలబడ్డాను. ఒక్క క్షణంలో అంతా అయిపోయింది. నొప్పి కూడా నిలవలేదు. నిలిచింది భయం ఒక్కటే. ఇంకోటి వస్తుందా అని ఊపిరి బిగబట్టి, నీళ్లు కారుతున్న నేలమీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

ప్లంబర్ తలుపు బాదాడు. "అన్నా! ఏమైందే? గట్ల మొత్తుకున్నవేంది?"

"జారిపడ్డరా. ఏం గాలే."

తలుపు తీశాక వాడు నా మొహం చూశాడు, తరువాత పొడిగా ఉన్న నా సబ్బు పెట్టెను చూశాడు. సబ్బు ముట్టకుండానే జారానంటే నమ్మలేదని తెలిసింది. నేను ఆసుపత్రికి ఫోన్ చేయలేదు. చేస్తే రాసుకుంటారు. రాసుకుంటే కంపెనీకి తెలుస్తుంది. జగిత్యాలలో ఉన్న నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె ఆ సాయంత్రం "గొంతు అట్లుందేంది?" అని మూడుసార్లు అడిగింది. జలుబు అన్నాను.

ఆ తరువాతి వారం రోజులు నేను మనిషిలా లేను. మెట్లు ఎక్కితే గుండె వేగం పెరిగి కొడుతుందేమోనని ఆగి ఆగి ఎక్కేవాణ్ణి. నాలుగు మెట్లకోసారి మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాణ్ణి. ఒకరోజు ప్యాకింగ్ షెడ్డు మూలన ప్లంబర్, ఫోర్‌మన్ మాట్లాడుకుంటూ కనిపించారు. నేను దగ్గరికి రాగానే మాట ఆపేశారు.

సాయంత్రం గదిలో అడిగాను. "నా గురించేనా మాట్లాడింది?"

వాడు తల వంచుకుని ఉల్లిగడ్డ కోస్తూనే ఉన్నాడు. "అవు. చెప్పిన. బాత్రూంల పడ్డవని చెప్పిన. నువ్వు ఎవ్వరికీ చెప్పకపోతివి. రేపు లోపల గొళ్లెం పెట్టుకుని సచ్చిపోతే నేనేం జేయాలె?"

"నా పొట్టగొట్టినవ్ రా," అన్నాను.

వాడు కత్తి పక్కన పెట్టి బయటికి పోయాడు. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

ఏడో రోజు పొద్దున మళ్లీ అదే షవర్ కింద, అదే తాపు. ఈసారీ ముందుగా కాస్త కూడా కళ్లు తిరగలేదు, దడ రాలేదు. ఒంటికి సబ్బు రుద్దుకుని, నల్లా పెంచి, ఏదో ఆలోచిస్తూ ఉన్నాను. ఎప్పటిలాగే ఉన్నాను. పడిన చోటే నాకు ఒక సంగతి తట్టింది. గుండె గతి తప్పితే మనిషికి తెలియకుండా ఉంటుందా? కోల్డ్ స్టోర్ దగ్గర పడ్డప్పుడు ముందు నలుపు కమ్మింది కదా. అయితే ఈ డబ్బాకే పిచ్చెక్కింది. లేదా లోపలి తీగ తెగింది. నాసిరకం తీగ వేశారు. షవర్ కింద ఒళ్లు రుద్దుకుంటూ చేయి ఎత్తిన ప్రతిసారీ తెగిన తీగ కొట్టుకుంటోంది. నా చేతుల్లో ఎన్ని తీగలు అలా తెగి, కదిలించినప్పుడల్లా నిప్పురవ్వలు విసరలేదు!

నీళ్ల మీదికి మాత్రం నా అనుమానం పోలేదు. నల్లాలో కరెంటు ఉంటే చెయ్యి గుంజాలి. గుంజలేదు. ఇరవై నాలుగేళ్ల అనుభవం ఆ మాట చెప్పింది, నేను నమ్మాను.

ఈసారి ప్లంబర్ నన్ను అడగకుండానే ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాడు. నేను తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికే ఫోర్‌మన్ కారు వాకిట్లో ఉంది. "చలో," అన్నాడు ఉస్తాద్, అంతే. బురైదా దాకా దారంతా ఖర్జూరం తోటలు చూస్తూ కూర్చున్నాను. ఉస్తాద్ దారి మీదే కళ్లు పెట్టి నడుపుతున్నాడు. వీడు నన్ను ఆసుపత్రికి తీసుకుపోతున్నాడా, నేను పనికిరానని కాగితాలు తెచ్చుకోవడానికి పోతున్నాడా అని ఆలోచించాను.

ఎమర్జెన్సీలో ఈసీజీ తీసి, రక్తం తీసి, కడప అమ్మాయిని పిలిచారు. ఆమె చక్రాల బల్ల మీద మిషను తోసుకుంటూ వచ్చి, మౌసులాంటిదొకటి నా డబ్బా మీద పెట్టింది. తెర మీద గీతలు నడిచాయి.

"రెండు షాకులు ఉండాయి," అంది. "ఒకటి వారం కిందట. ఫోన్ చెయ్యలేదేం?"

ఆ మాట దాటేశాను.

"ఆ తీగ తెగింది గదా మేడమ్? నాకు తెలుసు. మీరు వేసింది పాతది," అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. తీగను మిషనుతోనే పరీక్షించింది. నా ఎడమ చేయి పైకెత్తించింది, వెనక్కి తిప్పించింది, రెండు అరచేతులు ఒకదానికొకటి నెట్టించింది. డబ్బా మీద వేళ్లతో నొక్కింది. తెర మీద గీత మామూలుగానే నడిచింది. "తీగ బంగారంలా ఉంది. తెగినదైతే దాని రెసిస్టెన్సు ఎగబాకి ఉండాల్సింది. మీరు కరెంటు పని చేస్తారు, మీకు నేను చెప్పేదేముంది," అంది. తరువాత తెరను నా వైపు తిప్పింది.

"ఈ పై గీత తీగ కొసలో వినబడేది. ఇది చూడండి."

పై గీత నిండా రంపపు పళ్లలా దగ్గర దగ్గరగా, ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో గీతలు. గుండె అలా కొట్టుకోదు. ఏ గుండే అంత సమానంగా, అంత వేగంగా కొట్టుకోదు.

"డబ్బా దీన్నంతా గుండె దెబ్బలే అనుకునింది. అన్నీ పట్టుకోలేకపోయినా నిమిషానికి నాలుగు వందలు దాటి లెక్కపెట్టింది. ఇంక ఊరుకుంటాదా? నింపుకుని కొట్టింది. ఇప్పుడు ఈ కింది గీత చూడండి. ఇది ఛాతీ అంతా కలిపి వినేది. ఇక్కడా రంపం ఉండాది. కానీ దాని లోపల, ఇదిగో, ఇదిగో, ఇదిగో. మీ అసలు గుండె. నిమిషానికి ఎనభై. శుభ్రంగా కొట్టుకుంటా ఉండాది."

ఆ అసలు దెబ్బలను నేను లెక్కపెట్టుకున్నాను. రంపం పళ్లనూ లెక్కపెట్టాను. ఆమె గీతను పెద్దది చేసి, సెకను పొడవు కొలిచింది. అరవై. ఈ దేశంలో కరెంటు సెకనుకు అరవైసార్లు మారుతుంది. ఆ సంఖ్యను నేను బోర్డుల మీద, మోటార్ల మీద వేలసార్లు చదివాను.

"రెండుసార్లూ ఎక్కడుండారన్నా?" అడిగింది ఆమె.

"స్నానం చేస్తున్న."

"ఇంట్లో హీటర్ ఉందా?"

తల ఊపాను. చేయి గుంజలేదు కదా అని గొణిగాను. మనిషి చేతికి తెలియనంత కొద్ది కరెంటు కూడా తీగ కొసకు చాలునని, అది వినేది గుండె చప్పుళ్లంత చిన్నవాటిని కాబట్టి ఈ లీకేజీ దానికి చాలా పెద్ద చప్పుడని ఆమె చెప్పింది. వెనక్కి పడి నల్లా వదిలేశాను కాబట్టి రంపం ఆగింది, లేకపోతే ఇంకో షాకు ఇచ్చి ఉండేదట.

ఈజిప్టు డాక్టర్ వచ్చి గీతలు చూసి, అదే మాట ఇంగ్లీషులో చెప్పి, సంతకం పెట్టి పోయాడు. నాలో ఏదో తేలికైంది. అయితే ఈ డబ్బా పనికిరాదన్న నా అనుమానం నిజమే. నీళ్లను గుండె అనుకుంది, మంచి గుండెను రెండుసార్లు తన్నింది. "దీన్ని ఆపేయండి మేడమ్. దీనికేం తెల్వది," అన్నాను.

ఆమె తెర మీద ఇంకో పేజీ తెరిచింది.

"ఇందులో మూడోది ఒకటి ఉందన్నా. రెండు షాకుల మధ్యలో. శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావు. ఇది రంపం కాదు. ఇది మీ గుండే."

ఈ గీత వేరుగా ఉంది. వెడల్పుగా, ఒకదాని వెంట ఒకటి తరుముకుంటున్నట్టు కొండలు. నిమిషానికి నూట తొంభై రెండు. కాసేపటికి డబ్బా ఎనిమిది చిన్న తట్లు కొట్టింది, గుండె కన్నా కొంచెం వేగంగా. ఆ ఎనిమిదింటి తరువాత గీతలో ఒక ఖాళీ. ఖాళీ తరువాత మామూలు గుండె.

"మచ్చ చుట్టూ కరెంటు గిరగిర తిరుగుతా ఉండింది. ఈ తట్లు ముందుపోయి దాని దారికి అడ్డం పడినాయి. అంతే, ఆగిపోయింది. షాకు అక్కర్లేకపోయింది. మీకేమన్నా తెలిసిందా?"

శుక్రవారం మధ్యాహ్నం. ప్లంబర్‌తో మాటలు లేని రోజు. వాడు వండిన కూర నేను తిననని, విడిగా గుడ్లు వేయించుకుంటున్నాను. ఒక క్షణం కాళ్లు తేలిపోయినట్టై, స్టవ్ ఆపి నేలమీద కూర్చున్నాను. ఆకలి అనుకున్నాను. లేచి తిన్నాను. కోల్డ్ స్టోర్ ముందు నన్ను పడేసింది ఆ రోజు మళ్లీ వచ్చి పోయిందన్నమాట, నేను గరిటె పట్టుకుని ఉండగా.

ఆపేయమన్న మాట మళ్లీ అనలేదు.

హీటర్ బాగు చేసేదాకా ఆ బాత్రూంలోకి పోవద్దని, దాన్ని నేను ముట్టుకోవద్దని ఆమె ఒట్టు పెట్టించుకున్నట్టే చెప్పింది. మందు ఒకటి పెంచారు. రెండు రోజులు వార్డులో ఉంచుకుని పంపారు.

క్యాంపుకు వచ్చాక నేను బాత్రూం గుమ్మం బయటే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రబ్బరు చెప్పులు వేసుకుని, మీటరు పట్టుకుని లోపలికి పోయింది ప్లంబర్. పక్కన ఉస్తాద్.

"ఒక కొస నల్లాకు పెట్టు. ఇంకో కొస నేను బయట భూమిల దింపిన ఇనుప కడ్డీ తీగకు పెట్టు. హీటర్ ఆపి చూడు."

"సున్నా ఉన్నది."

"ఇప్పుడు ఏసి చూడు."

వాడు కొసలు తీసి మళ్లీ పెట్టి చూశాడు. "తొంభై దాటుతున్నదన్నా."

ఉస్తాద్ పంజాబీలోనో పష్తోలోనో ఏదో అన్నాడు. ప్లంబర్‌ను డాబా మీదికి పొమ్మన్నాను. హీటరు నుంచి వచ్చే పచ్చ తీగ ఎక్కడికి పోతుందో చూడమన్నాను. నాకు తెలుసు ఎక్కడికి పోతుందో. ఏడేళ్ల కింద నేనే బిగించాను. ఆ పాత బిల్డింగులో ఎర్త్ లేదు. వేరే కడ్డీ దింపేంత ఓపిక లేక, ఇనుప నీళ్ల పైపుకే క్లాంపు వేసి, అది భూమిలోకి పోతుంది కదా అని వదిలేశాను.

వాడు మెట్ల మీది నుంచే అరిచాడు. "క్లాంపు ఉన్నది! పైపు జానెడే ఉన్నది. ఆడికెళ్లి అంతా తెల్ల ప్లాస్టిక్ పైపే."

ప్లాస్టిక్‌లోంచి కరెంటు భూమిలోకి పోదు, హీటరులో లీకయ్యేదంతా నల్లాలోకే మళ్లింది. వాడు కిందికి దిగివచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఎండకాలంల నేనే మార్చిన. తుప్పు పట్టి కారుతుంటే. ఆ తీగ ఏందో నాకు తెల్వదన్నా."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. చలి మొదలైన వారంలో వాడు ఒకరోజు నల్లా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని చెప్పాడు. పొడి గాలికి తలుపు గడియ ముట్టుకున్నా అలాగే ఉంటుందని, స్నానానికి బద్ధకమై సాకు చెబుతున్నావని నవ్వాను. టెస్టర్ నా జేబులోనే ఉంది. బయటికి తీయలేదు.

"నీది కాదురా," అన్నాను. "పైపుకు ఎర్త్ ఇచ్చినోని తప్పు. నువ్వు చెప్పినా ఇనకపోతిని."

ఉస్తాద్ వైపు తిరిగి "గల్తీ మేరీ హై", తప్పు నాదే అన్నాను. ఎగ్జిట్ ఇక ఖాయమనే అనుకున్నాను.

ఆయన మీటరు వైపు, నా ఛాతీ వైపు చూశాడు. "నలభై బాత్రూములు ఉన్నాయి. అన్నిటికీ పైపుకేనా?" అని హిందీలో అడిగాడు.

"చాలావాటికి."

"అయితే కూర్చునే చెప్పు, వేరేవాళ్లు చేస్తారు."

మూడు వారాలు పట్టింది. కొత్త కడ్డీలు దింపించి, ప్రతి హీటరుకూ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే లీకేజీ బ్రేకర్ పెట్టించాను. ఇంకో మూడు బాత్రూముల నల్లాల్లో కరెంటు దొరికింది. అక్కడ స్నానం చేసేవాళ్లు జిల్లుమంటుందని చాలాకాలంగా తమలో తాము చెప్పుకుంటూనే ఉన్నారట. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏమయ్యేదో తెలిసిందే. ఆ తరువాత కంపెనీ నన్ను స్టోరులో కూర్చోబెట్టింది. నిచ్చెన ఎక్కే పని లేదు, బోర్డులు తెరవడం లేదు. ఉస్తాద్ ఇప్పటికీ తబియత్ అడుగుతాడు. దానికి కారణం వెతకడం మానేశానని చెప్పలేను, తగ్గించాను.

షవర్ కింద నిలబడటానికి మాత్రం చాలాకాలం పట్టింది. బ్రేకర్ నేనే ఎంచుకున్నాను, నా ముందే పరీక్షించారు, అయినా ఆరు నెలలు బకెట్టుతో పోసుకున్నాను. నల్లా తిప్పేముందు ప్లంబర్ వచ్చి తన చేత్తో తిప్పి చూపించేవాడు. "సూడు, నేను సావలే," అనేవాడు. ఏదో ఒకరోజు వాడు పనిలో ఉండగా నేనే తిప్పుకున్నాను. వాడికి చెబితే పట్టించుకోనట్టు ఉండిపోయాడు.

భార్యకు అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. తరువాత, "జలుబన్నవ్ గదా," అంది. అప్పటి నుంచి ఫోన్‌లో నేనేం చెప్పినా రెండోసారి ప్లంబర్‌ను అడిగి సరిచూసుకుంటుంది.

కడప అమ్మాయి ఇప్పుడు ఖమీస్ ముషైత్‌లోని వేరే ఆసుపత్రికి మారింది. ఆమె చోట ఫిలిప్పీన్స్ మనిషి ఉన్నాడు. మొన్న పోయినప్పుడు మిషను చూసి, షాకులు లేవు, తట్లతో సర్దుకున్నవి రెండు ఉన్నాయన్నాడు. బ్యాటరీ ఇంకా ఆరేడేళ్లు వస్తుందన్నాడు. ఆ రెండూ ఎప్పుడో చెప్పమన్నాను. తేదీలు, గంటలు చదివాడు. ఒకటి మంగళవారం పొద్దున పది. ఇంకోటి ఆదివారం సాయంత్రం. ఆ వేళల్లో నేను ఎక్కడ ఉన్నానో, ఏం చేస్తున్నానో, తిరిగి వచ్చే దారంతా గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఒక్కటీ గుర్తు రాలేదు.